కట్టాలా, ఆపాలా? గేమ్ సబ్‌స్క్రిప్షన్ లెక్క

"అన్నా, నెలనెలా డబ్బు కడతానే ఉండా. సగం ఆడిన గేమ్ లైబ్రరీలోంచి పోయింది. ఉంచుకోవాల్నా, ఆపేయాల్నా?" అనంతపురం నుంచి ఒక తమ్ముడు అడిగినాడు.

చూడు తమ్ముడూ, ఆ గేమ్ ఎందుకు పోయిందో ముందు తెలుసుకుందాం. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కి, పీసీకి ఇచ్చే చందా గేమ్ పాస్ లాంటి వాటిల్లో ఆ కంపెనీ సొంత స్టూడియోల గేమ్స్ చానా కాలం ఉంటాయి. బయటి కంపెనీల గేమ్స్ మాత్రం గడువు పెట్టుకుని తెచ్చినవే. గడువు తీరితే పోతాయి, నువ్వు ఎంత ఆడినావనేది వాళ్లకు లెక్కలేదు.

జీటీఏ ఫైవ్ సంగతే తీసుకో. 2020 జనవరిలో గేమ్ పాస్‌లోకి వచ్చింది, మే 7న పోయింది. అదే రోజు రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చింది, అదీ సెప్టెంబర్ 7కి సర్దుకుంది. జీటీఏ 2021 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చి ఆగస్టులో పోయింది. 2023 జూలైలో ఇంకోసారి వచ్చి, 2024 జనవరి దాకా ఉంది. అంటే ఒక్కోసారి నాలుగు నెలలో, ఆరు నెలలో.

ఇప్పుడు రెడ్ డెడ్‌నే లెక్కేద్దాం. అసలు కథ ఒక్కటే పూర్తి చేయాలన్నా దాదాపు 50 గంటలు. కర్నూలులో షాపు చూసుకునే మనిషికి వారంలో నాలుగు గంటలు దొరికితే గొప్ప. అట్లయితే పన్నెండు, పదమూడు వారాలు, అంటే దాదాపు మూడు నెలలు. పైగా 120 జీబీ డౌన్‌లోడ్ ఉందనుకో, 30 ఎంబీపీఎస్ లైన్ మీద ఏ ఆటంకం లేకుండా వచ్చినా తొమ్మిది గంటలు. గేమ్ వచ్చిన నెలన్నరకు మొదలుపెడితే కథ ముగియకముందే గడువు ముగుస్తుంది.

చందా నెలకు 700 అనుకుందాం. నాలుగు నెలలకు 2,800. అదే గేమ్ సేల్‌లో 1,200కి దొరికితే కొనుక్కునేదే మేలు, తొందర కూడా ఉండదు. పది గంటల్లో అయిపోయే చిన్న గేమ్స్ సంగతి వేరే. దసరా సెలవుల నెలలో ముప్పై గంటలు దొరికితే మూడు పూర్తవుతాయి. ఒక్కోటి సేల్‌లో 600 అనుకున్నా 1,800 విలువ, నువ్వు కట్టేది 700. కేటలాగ్‌లో వందల గేమ్స్ ఉన్నాయని చూసి మురిసిపోవద్దు, నువ్వు ఆ నెలలో ముగించగలిగేవి ఎన్నో అదొక్కటే లెక్క.

ప్లేస్టేషన్ ప్లస్‌లో ఒక తేడా ఉంది. ఎసెన్షియల్ అనే ప్లాన్ కింద నెలనెలా ఇచ్చే గేమ్స్‌ని ఆ నెలలోనే లైబ్రరీకి చేర్చుకోవాల. డౌన్‌లోడ్ చేయకపోయినా పర్వాలేదు, చందా ఉన్నంతకాలం నీవే. ఆపేస్తే తాళం పడుతుంది, మళ్లీ కడితే తెరుచుకుంటుంది. ఎక్స్‌ట్రా అనే ప్లాన్ కేటలాగ్ గేమ్స్ అట్లగాదు, అవి వస్తా పోతా ఉంటాయి.

పోయే ముందు హెచ్చరిక వస్తుంది. గేమ్ పాస్‌లో Leaving Soon, ప్లేస్టేషన్‌లో Last Chance to Play అనే వరుస చూడు. గేమ్ పాస్‌లో గేమ్స్ ఎక్కువగా నెల మధ్యలో ఒకసారి, నెలాఖరున ఒకసారి పోతాయి. లైబ్రరీలో ఉన్నప్పుడే కొంటే సాధారణంగా 20 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. ఇక్కడ ఇద్దరు ముగ్గురు కాదు, చానామంది దెబ్బతింటారు: పీసీలో గేమ్ పాస్ మీద ఆడి, తక్కువ ధరకు స్టీమ్‌లో కొంటారు. రెండు స్టోర్ల సేవ్ ఫైళ్లు చాలా గేమ్స్‌లో కలవవు, మొదటినుంచి ఆడాల్సొస్తుంది. డీఎల్‌సీ, అంటే గేమ్‌కి అదనపు భాగాలు, కొన్నోళ్లకు ఇంకో తిప్పలు. అసలు గేమ్ పోతే డీఎల్‌సీ నీ పేరునే ఉంటుంది గానీ, గేమ్ కొనేదాకా తెరుచుకోదు.

ఎప్పుడు ఆపాల? నీ జాబితాలో వచ్చే నెల ముగించేది ఒక్కటీ లేకపోతే ఆపేయ్. ఒకే గేమ్ నెలల తరబడి ఆడుతుంటే, అది కొని ఆపేయ్. కన్సోల్‌లో డబ్బిచ్చి కొన్న గేమ్స్‌ని ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడేవాళ్లు మాత్రం, ఆపితే అదీ ఆగుతుందని గుర్తుపెట్టుకోండి. ఫోర్ట్‌నైట్ లాంటి ఫ్రీ గేమ్స్‌కి ఆ బాధ లేదు.

ఆపడానికి నెలాఖరు దాకా ఆగాల్సిన పనిలేదు. కట్టిన మర్నాడే ఆటో రెన్యూవల్ తీసేయొచ్చు, కట్టిన నెల పూర్తిగా ఆడుకోవచ్చు. ప్లేస్టేషన్ 5లో Settings, Users and Accounts, Account, Payment and Subscriptions, Subscriptions వరుసలో వెళ్లి, నీ చందా ఎంచుకుని Turn Off Auto-Renew నొక్కు. ఎక్స్‌బాక్స్‌కి బ్రౌజర్‌లో account.microsoft.com/services తెరిచి Manage లోకి పో. అక్కడ వెంటనే రద్దు, గడువుకి రద్దు అని రెండు చూపిస్తే, రెండోదే తీసుకో. మొదటిది నొక్కితే మిగిలిన రోజులు ఆడలేవు.

కార్డు మీద ఆటో డెబిట్ పెట్టినవాళ్లకు రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు తీసే 24 గంటల ముందే బ్యాంకు నుంచి మెసేజో, మెయిలో రావాల. దాన్ని చూడకుండా తుడిచేయొద్దు. ఆ చందా వద్దనుకుంటే ఆ మెసేజ్ నుంచే ఆపుకునే వీలుంటుంది. అయినా గేమ్ అకౌంట్‌లో కూడా ఒకసారి రద్దు చేసేయ్.