గుండె గోడ 19 మిల్లీమీటర్లు, ఆట కబడ్డీ: ఇంటికి రాయాల్సిన ఉత్తరం

"నాకు 20 ఏళ్ళు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా, కాలేజీ కబడ్డీ టీంలో రైడర్‌ని. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని చెప్పారు. ఎకోలో సెప్టం 19 ఎంఎం, గ్రేడియెంట్ మామూలుగా 14, ముక్కితే 58. ఎప్పుడూ స్పృహ తప్పి పడిపోలేదు. మెటోప్రొలాల్ మొదలుపెట్టారు. అమ్మా నాయనా పలమనేరు పక్క పల్లెలో ఉంటారు. ఫోన్‌లో చెప్తే అమ్మ ఏడుస్తుంది, నాయన స్టెంటు ఎప్పుడేస్తారని అడుగుతాడు. ఆట సంగతి, రోజువారీ సంగతి వాళ్ళకు ఉత్తరంలో ఎట్లా రాయాలి?"

తమ్ముడూ, నాయన అడిగిన స్టెంటు దగ్గరే మొదలుపెట్టు. పల్లెల్లో గుండెజబ్బు అంటే రక్తనాళంలో అడ్డు, దానికి స్టెంటు. ఆ లెక్క ఆయన మనసులోంచి పోనంతవరకు తర్వాత ఏం రాసినా ఎక్కదు. మొదటి పేరా ఇట్లా రాయి:

"అమ్మా, నాయనా, నాకొచ్చింది రక్తనాళాల జబ్బు కాదు. అందుకే స్టెంటుతో పని లేదు. నూనె తిన్నందుకు రాలేదు, కబడ్డీ ఆడినందుకూ రాలేదు. గుండెలో రెండు కింది గదుల మధ్య ఒక గోడ ఉంటుంది. మామూలుగా అది 11, 12 మిల్లీమీటర్లు దాటదు. నాది 19 ఉంది. గుండె కండను కట్టే జన్యువులో తేడా వల్ల ఇది వస్తుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది."

రెండో పేరాలో 58 అంటే ఏమిటో చెప్పాలి. ఆటకూ ఇంటికీ సంబంధించిన జాగ్రత్తలన్నీ ఆ అంకెలోంచే వస్తాయి కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. జాగ్రత్తల పట్టీ ఒకటి రాసి పంపితే అమ్మ ప్రతి దానికీ భయపడుతుంది. కారణం అర్థమైతే, నువ్వు రాయని సందర్భంలో కూడా ఏం చెయ్యాలో ఆమే తేల్చుకుంటుంది.

"రక్తం గుండెలోంచి బయటికి పోయే దారి ఆ మందం గోడ పక్కనే ఉంది. అవతలి పక్క మైట్రల్ వాల్వ్ రేకు ఉంటుంది. బస్సు జోరుగా పోతుంటే కిటికీ కర్టెన్ ఊచలకు అతుక్కుంటుంది చూడండి, అట్లా రక్తం జోరుగా పోయినప్పుడు ఆ రేకు గోడవైపు లాక్కుపోయి దారిని ఇరుకు చేస్తుంది. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఎంత తేడా వచ్చిందో చెప్పేదే గ్రేడియెంట్. ఊరికే పడుకున్నప్పుడు నాది 14, అంటే దారి బాగానే ఉంది. ఊపిరి బిగబట్టి ముక్కమన్నప్పుడు 58 అయింది. 30 దాటితే అడ్డు ఉన్నట్టు లెక్క. నా గుండెలో అడ్డు ఎప్పుడూ ఉండదు, కొన్ని వేళల్లో వస్తుంది."

ఏ వేళల్లో వస్తుందో గోతాం పోలికతో చెప్పు. నిండా వడ్లున్న గోతాంలో గోడలు దూరంగా ఉంటాయి, సగం ఖాళీ అయితే దగ్గరికొస్తాయి. గుండెగదీ అంతే. ఒంట్లో నీళ్ళు తగ్గి గదిలోకి రక్తం తక్కువ వస్తే దారి ఇరుకవుతుంది. గుండె మరీ గట్టిగా కొట్టుకున్నా ఇరుకవుతుంది. ఒంట్లో రక్తనాళాలు వదులై బీపీ పడిపోయినా అంతే. ఈ మూడు మాటలు ఉత్తరంలో పెట్టి, కింద ఒక గీత గీయి.

ఇప్పుడు ఆట. నీ ఆట కబడ్డీ కావడం వల్ల చెప్పడం సులువు, ఒప్పుకోవడం కష్టం. రైడ్ 30 సెకన్లు. కూత ఆపకుండా ఒకే ఊపిరిలో వెళ్ళాలి. పట్టుబడితే నలుగురిని ఈడ్చుకుంటూ ఊపిరి బిగబట్టి గీత దాకా లాగాలి. ఎకో గదిలో నీచేత చేయించిన ముక్కుడుకు దీనికి పెద్ద తేడా లేదు. కాకపోతే అక్కడ పడుకుని చేశావు, ఇక్కడ ఎండలో, చెమట కారి నీళ్ళు తగ్గిన ఒంటితో, గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటూ చేస్తావు. పైగా రైడ్ అయ్యాక ఠక్కున నిలబడిపోతావు. కాళ్ళ కండరాలు రక్తాన్ని పైకి తోయడం ఆగిపోతుంది, గుండె మాత్రం ఇంకా జోరుమీదే ఉంటుంది. గోతాం ఖాళీ అయ్యేది సరిగ్గా అప్పుడే. ఈ జబ్బున్నవాళ్ళకు పరుగు ఆపిన మొదటి నిమిషాల్లో కళ్ళు తిరగడం అందుకే.

అయితే "ఇక జన్మలో ఆడను" అని మాత్రం రాయొద్దు. అది నిజం కాదు. 2005 నాటి అమెరికా సూచనల ప్రకారం ఈ జబ్బున్నవాళ్ళకు చాలా తేలికైన ఆటలు తప్ప పోటీ ఆటలన్నీ వద్దు. 2020లో ఆ పట్టు సడలింది, 2024లో ఇంకా సడలింది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 1,660 మందిని గమనించారు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్ళలో ప్రమాదాలు మిగతావాళ్ళకన్నా ఎక్కువ కనబడలేదు. కానీ వాళ్ళలో చాలామంది ఈ జబ్బు బాగా తెలిసిన డాక్టర్ల చేతిలో ఉన్నవాళ్ళు. ఆ సగం వదిలేసి మొదటి సగం మాత్రమే ఇంట్లో చెప్తే అది మోసం చెయ్యడమే.

కాబట్టి ఇలా రాయి: "ఇప్పుడు కబడ్డీ ఆపేశాను. ఇంకా మూడు పరీక్షలున్నాయి. 48 గంటలు ఒంటికి కట్టుకునే హోల్టర్‌లో గుండె లయ తప్పుతోందా చూస్తారు. ఎంఆర్ఐలో కండ లోపల మచ్చ ఎంతుందో చూస్తారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఎకో తీస్తారు, నడిచేకొద్దీ బీపీ కనీసం 20 పెరగాలి, పెరగకపోతే అది మంచిది కాదు. మన ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా అని కూడా డాక్టరు అడిగారు. నాయన వైపూ అమ్మ వైపూ గుర్తు తెచ్చుకుని రాయండి. నీళ్ళలో మునిగిపోయాడనో, బండి మీంచి పడ్డాడనో చెప్పుకున్నవి కూడా రాయండి. గోడ 30 మిల్లీమీటర్లు దాటడం, కారణం లేకుండా స్పృహ తప్పడం, ఇంట్లో అట్లాంటి చావు, ఇవి ఉంటే, గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు లోపలినుంచే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం పెట్టాలా అని ఆలోచిస్తారు. ఆట సంగతి ఇవన్నీ వచ్చాక డాక్టరూ మనమూ కూర్చుని తేల్చుకుందాం."

ముసలివాడిలా కూర్చోబెట్టినా నష్టమే. 2017లో వచ్చిన ఒక పరీక్షలో ఈ జబ్బున్న 136 మందిని తీసుకుని, సగం మందిచేత 16 వారాలు మధ్యరకం వ్యాయామం చేయించారు. వాళ్ళ దమ్ము కొంత పెరిగింది, పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు. నీకు డాక్టరు ఊఁ అంటే పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో 30 నిమిషాలు నడక. మొదటి 10 నిమిషాలు నెమ్మది, చివరి 10 నిమిషాలు ఇంకా నెమ్మది. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సొస్తే వేగం ఎక్కువైనట్టు. చేతి వాచీలో గుండె అంకె చూసి లెక్కెయ్యొద్దు, మెటోప్రొలాల్ దాన్ని తొక్కిపెట్టి తక్కువ చూపిస్తుంది. జిమ్‌లో బరువులెత్తాలనిపిస్తే ఊపిరి బిగబట్టకుండా 15 సార్లు సునాయాసంగా లేపగలిగినంతే. ఎనర్జీ డ్రింకుల జోలికి పోవద్దు.

ఇంటి సంగతులకొద్దాం. అమ్మ ఈపాటికి కొండకు నడిపించి తీసుకొస్తానని మొక్కుకునే ఉంటుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఉన్న మొదటి ఎక్కుడే గట్టిది. గుండెజబ్బున్నవాళ్ళు కాలినడకన రావొద్దని తి.తి.దే. వాళ్ళే చెప్తున్నారు. "మొక్కు తలనీలాలకు మార్చమ్మా, బస్సులో పోదాం" అని రాయి. క్యూ సంగతీ రాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గంటలకొద్దీ కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. సీసాలో నీళ్ళుండాలి, మడమలు లేపుతూ దించుతూ ఉండాలి, కంపార్ట్‌మెంట్‌లో చోటు దొరికితే కూర్చోవాలి. కళ్ళు మసకబారితే సిగ్గుపడకుండా అక్కడే కింద కూర్చోవాలి.

తిండిలో ఒక్కటే మార్పు. సంగటి ముద్దలు రెండు ఒకేసారి తిని మిద్దె మెట్లు గబగబా ఎక్కితే ఆయాసం వస్తుంది. కడుపు నిండా తిన్నాక రక్తం పేగులవైపు మళ్ళుతుంది కదా. కొద్దికొద్దిగా రెండుసార్లు తింటే సరి. నీళ్ళు కూడా తాగని ఉపవాసాలు వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టాలి, నీళ్ళు నిలవకపోతే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మే నెల ఎండలో మధ్యాహ్నం పొలం పని వద్దు.

ఈ తర్వాతి పేరాను ఉత్తరంలో పెద్ద అక్షరాలతో రాయి:

"నాకు ఎదలో నొప్పి వస్తే తాత డబ్బాలోని సార్బిట్రేట్ నా నాలుక కింద పెట్టొద్దు. తాతకు అది మందు, నాకు అపాయం. అది రక్తనాళాలను వదులు చేసి బీపీ దించుతుంది, నా గుండె దారి ఇంకా ఇరుకైపోతుంది. మన ఊరి ఆర్ఎంపీకి కూడా ఈ ముక్క చూపించండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఒంట్లో నీళ్ళు లాగే మాత్రలు కూడా మా డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు. బాగున్నానని మెటోప్రొలాల్ నేనుగా ఆపను, ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది."

దాని కిందే, పడిపోతే ఏం చెయ్యాలో. మాట్లాడుతుంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, లేపి కూర్చోబెట్టకూడదు. పిలిచినా పలక్కుండా, ఊపిరి సరిగ్గా ఆడకుండా ఉంటే నీళ్ళు చల్లుతూ కూర్చోకుండా ఒకరు 108కు ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు ఎద మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్లు లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. హాస్టల్లో నీ గది పిల్లలకు ఇది ముందే నేర్పించు. నడుస్తున్నప్పుడో పరిగెత్తినప్పుడో స్పృహ తప్పినా, తప్పబోయినట్టు అనిపించినా, గుండె లయ తప్పి దడదడలాడినా, తగ్గిపోయిందిలే అని వదిలెయ్యకుండా ఆ రోజే డాక్టరును కలవాలి.

ఇక మిగిలింది చెల్లి. అమ్మ ఏడ్చేది ఇక్కడే, అయినా దాటెయ్యొద్దు. ఈ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. ఉన్నవాళ్ళకు ఏ బాధా లేకపోవచ్చు. అందుకే ముగ్గురికీ ఈసీజీ, ఎకో కావాలి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలాక, మిగతా పెద్దవాళ్ళలో గోడ 13 మిల్లీమీటర్లున్నా అనుమానించాలి. ఒకసారి బాగుందంటే అయిపోయినట్టు కాదు, గోడ ఎదిగే వయసులో మందమవుతుంది. పిల్లలకు ఒకటి రెండేళ్ళకోసారి, పెద్దవాళ్ళకు మూడు నుంచి ఐదేళ్ళకోసారి మళ్ళీ చూడాలి. ఉత్తరం చివర ఇలా రాయి:

"వచ్చే వారం మీరిద్దరూ చెల్లిని తీసుకుని తిరుపతికి రండి. నాకు వచ్చింది కాబట్టి మీలో ఎవరిదో తప్పని అనుకోవద్దు, కంటి రంగు ఇచ్చినట్టే ఇదీ తెలియకుండా ఇస్తారు. నా ఎకో రిపోర్టు జిరాక్స్ మూడు తీసి పెట్టాను, మీ ముగ్గురి చీటీలకు ఒక్కోటి జతచేయాలి. ఎకోకు పరగడుపున ఉండక్కర్లేదు. బస్టాండ్‌లో దిగేసరికి ఎండెక్కుతుంది, ఇంట్లోనే తినేసి బయల్దేరండి."