మార్చి 31న గోడౌన్ ఎందుకు ఖాళీగా ఉంది? ఒక స్టాక్ టర్నోవర్ జవాబును దిద్దుదాం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు తిరుపతిలో, నాకు డిగ్రీలో అకౌంట్స్ చెప్పిన సార్ ఇంట్లో ఉన్నాం. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోవద్దు. సార్ ముందు ఒక జవాబు పత్రం ఉంది. ఎవరిదో తెలియకుండా పైభాగం మడిచేశారు.

సార్: మడవకుండా ఎట్లా మా? పిల్లవాడిని తిట్టడానికి కాదు కదా మనం కూర్చున్నది. ఇట్లాంటి జవాబు నా దగ్గరికి ఏటా వస్తుంది. ఒకరిది చూస్తే చాలామందిది చూసినట్టే.

హోస్ట్: నిష్పత్తుల విశ్లేషణలో ఏ ప్రశ్న సార్?

సార్: స్టాక్ టర్నోవర్, అంటే ఏడాదిలో సరుకు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే లెక్క. ప్రశ్న నేనే కల్పించాను. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఏడాది అమ్మకాలు 1200 లక్షలు, స్థూల లాభం అమ్మకాల మీద 25 శాతం. ఏప్రిల్ 1న ఉన్న స్టాకు 140 లక్షలు, మరుసటి మార్చి 31న 160 లక్షలు. టర్నోవర్ ఎంత, దాన్నిబట్టి ఏం చెప్తావు అని అడిగాను.

హోస్ట్: ఈ అబ్బాయి ఏం రాశాడు?

సార్: 1200ని 160తో భాగించి 7.5 సార్లు అన్నాడు. 365ని 7.5తో భాగించి 49 రోజులు అన్నాడు. కింద మూడు వాక్యాలు రాశాడు, చదువుతా విను. "స్టాకు 49 రోజుల్లో అమ్ముడుపోతోంది. నిర్వహణ సమర్థంగా ఉంది. కావున లాభదాయకత బాగుంది, బ్యాంకు అప్పు అవసరం లేదు."

హోస్ట్: వినడానికి బానే ఉంది సార్.

సార్: అదే కదా చిక్కు! భాగహారంలో తప్పు లేదు. అందుకే తొందరలో దిద్దేవాళ్లు టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం భాగహారం చూసేముందు ఒకటి చూస్తా. పైన ఉన్న అంకె ఏ ధరలో ఉంది, కింద ఉన్న అంకె ఏ ధరలో ఉంది?

హోస్ట్: అంటే?

సార్: గోడౌన్‌లో ఉన్న గుజ్జు డ్రమ్మును పుస్తకంలో ఏ విలువకు రాస్తాం?

హోస్ట్: తయారీకి అయిన ఖరీదుకి. లేదా అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే విలువకి. రెండిట్లో ఏది తక్కువైతే అది.

సార్: భేష్, మర్చిపోలేదు. మామూలుగా ఖరీదే తక్కువ ఉంటుంది. అంటే కింద ఉన్న 160 లక్షలు ఖరీదు లెక్క. పైన ఉన్న 1200 లక్షలేమో అమ్మకం ధర, అందులో లాభం కలిసి ఉంది. లాభం కలిసినదాన్ని లాభం కలవనిదానితో భాగించాడు. ఫ్యాక్టరీ ధర 10 శాతం పెంచింది అనుకో. ఒక్క డ్రమ్ము కూడా ఎక్కువ కదల్లేదు, స్టాకు మారలేదు. అమ్మకాలు 1320 అవుతాయి. ఈ అబ్బాయి లెక్కలో టర్నోవర్ 7.5 నుంచి 8.25కి ఎగురుతుంది. సరుకు కదలకుండా సరుకు వేగం పెరిగిందని చెప్పే లెక్కను ఏం చేసుకుంటాం?

హోస్ట్: పైన అమ్మిన సరుకు ఖరీదు ఉంటే అది పెరగదు.

సార్: పెరగదు. 1200లో 25 శాతం తీసేస్తే 900 లక్షలు. ఇక్కడ ఇంకో గుంట ఉంది. లాభం 25 శాతం అమ్మకాల మీదా, ఖరీదు మీదా? నా ప్రశ్నలో అమ్మకాల మీద అని రాశాను. ఖరీదు మీద అని ఉంటే 1200ని 125తో భాగించి 100తో గుణించాలి, 960 వస్తుంది. కొందరు ప్రశ్న చదవకుండా అలవాటు కొద్దీ ఏదో ఒకటి వేసేస్తారు.

హోస్ట్: కానీ సార్, మా ఆడిట్ ఆఫీసులో కొన్ని రిపోర్టుల్లో అమ్మకాలను స్టాకుతో భాగించడం చూశాను నేను.

సార్: ఉంటాయి. అమ్మిన సరుకు ఖరీదు దొరకనప్పుడు అట్లా చేస్తారు. తప్పేం లేదు, కానీ అట్లా చేశామని రాయాలి, అదే పద్ధతిలో తీసిన అంకెతోనే పోల్చాలి. ఇక్కడ ఖరీదు కట్టుకోవడానికి కావాల్సిందంతా ప్రశ్నలోనే ఇచ్చాను. బ్యాంకు వాళ్ల సంప్రదాయం చూడు. 1974లో రిజర్వు బ్యాంకు టాండన్ కమిటీ వేసింది. తయారైన సరుకును ఎన్ని నెలల్లో అమ్మిన సరుకు ఖరీదుకు సమానం అని, కొన్నవాళ్ల నుంచి రావాల్సిన బాకీలను ఎన్ని నెలల అమ్మకాలకు సమానం అని ఆ కమిటీ కొలిచింది. సరుకు ఖరీదులో ఉంటుంది కాబట్టి ఖరీదుతో, బాకీ అమ్మిన ధరలో ఉంటుంది కాబట్టి అమ్మకాలతో. సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు, ఈ జత తెలిస్తే సూత్రం నీ అంతట నువ్వే రాసుకోవచ్చు.

హోస్ట్: సరే, పైఅంకె 900. కిందది?

సార్: మొదటి స్టాకు 140, చివరి స్టాకు 160. సగటు 150. 900ని 150తో భాగిస్తే 6 సార్లు, అంటే 61 రోజులు. పుస్తకం ప్రకారం ఇదే జవాబు. పూర్తి మార్కులు.

హోస్ట్: అయిపోయిందా?

సార్: పుస్తకం వరకు అయింది. నువ్వు చిత్తూరు పిల్లవి, ఈ 61 రోజులు నమ్ముతావా?

హోస్ట్: ఆగండి సార్... తోతాపురి కాయ జూన్, జూలైలో కదా వచ్చేది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుస అప్పుడే. గుజ్జు ఆ రెండు నెలల్లోనే పడతారు.

సార్: ఏడాదంతా అమ్ముతారు. మరి మార్చి 31న గోడౌన్ ఎట్లా ఉంటుంది?

హోస్ట్: దాదాపు ఖాళీ అయిపోతూ ఉంటుంది.

సార్: మొదటి స్టాకు కూడా ఏప్రిల్ 1ది, అంటే అంతకుముందు మార్చి 31దే. రెండూ ఏడాదిలో గోడౌన్ పలచబడిన రోజులు. పలచబడిన రెండు రోజుల సగటు తీసి దాన్ని ఏడాది సగటు అంటున్నాం. పండక్కి ముందు ఉపవాసం రోజు బరువు చూసుకుని సన్నబడ్డాం అన్నట్టు! అందుకని ఇదే ఫ్యాక్టరీకి నెలనెలా లెక్క వేశాను. పుస్తకం ఇటు జరుపు.

హోస్ట్: చదువుతా. ఏప్రిల్ చివర 80 లక్షలు, మే చివర 20. అమ్మో, 20యే!

సార్: పాత పంట గుజ్జు అడుగంటింది. జూన్‌లో 400 లక్షల సరుకు తయారైంది, జూలైలో 520. తర్వాత చదువు.

హోస్ట్: జూన్ చివర 340, జూలై చివర 780. ఆగస్టు 700, సెప్టెంబరు 620, అక్టోబరు 540, నవంబరు 460, డిసెంబరు 380, జనవరి 300, ఫిబ్రవరి 230, మార్చి 160.

సార్: అన్నీ కలిపితే 4610. పన్నెండుతో భాగిస్తే 384 లక్షలు. ఇప్పుడు 900ని 384తో భాగించు.

హోస్ట్: 2.34 సార్లు. రోజుల్లో... 156. అయిదు నెలలు!

సార్: ఫ్యాక్టరీ అదే, అమ్మకాలు అవే. ఒక లెక్కలో 49 రోజులు, ఒక లెక్కలో 61, ఇంకో లెక్కలో 156. మొదటిది సూత్రం తప్పు. రెండోదాంట్లో సూత్రం కరెక్టే, కానీ కొలిచిన రోజు తప్పు. ఈ రెండో రకం తప్పు పేపరు దిద్దేటప్పుడు కనపడదు. ఎందుకంటే నా దగ్గరున్న ఆన్సర్ కీలోనూ 6 అనే ఉంటుంది.

హోస్ట్: నెలాఖరు సగటు మాత్రం నూటికి నూరు నిజమా సార్?

సార్: కాదు. జూలై మధ్యలో ఎంత ఉందో నెలాఖరు అంకె చెప్పదు. కానీ రెండు తేదీల కన్నా పన్నెండు తేదీలు నిజానికి దగ్గర. ఏడాది పొడుగునా ఒకేలా కొని ఒకేలా అమ్మే కిరాణా కొట్టుకైతే రెండు తేదీలు చాలు, ఇంత శ్రమ అక్కర్లేదు.

హోస్ట్: ఇక ఆ అబ్బాయి రాసిన మూడు వాక్యాలు.

సార్: మొదటిది పోయింది, 49 రోజులు కాదని తేలింది. రెండోది, నిర్వహణ సమర్థంగా ఉంది అన్నాడు. దేనితో పోల్చి అన్నాడు? మదనపల్లె టమోటా మండీలో వ్యాపారి సరుకు రెండు మూడు రోజులు మించి ఉండదు, ఉంటే కుళ్లిపోతుంది. అతని టర్నోవర్ ఏ గుజ్జు ఫ్యాక్టరీకీ రాదు. అందుకని అతను గొప్ప నిర్వాహకుడా? సరుకు స్వభావం అది. గుజ్జు ఫ్యాక్టరీని ఇంకో గుజ్జు ఫ్యాక్టరీతో, లేదా దాని పోయిన ఏడాదితో పోల్చాలి. అదీ ఒకే తేదీల లెక్కతో.

హోస్ట్: పోయిన ఏడాది కన్నా టర్నోవర్ పెరిగితే మంచిదే అనొచ్చా?

సార్: తొందరపడొద్దు. ఆ ఏడు కాపు తగ్గి గుజ్జు తక్కువ పట్టి ఉండొచ్చు. స్టాకు తగ్గింది కాబట్టి నిష్పత్తి పెరిగింది. ఫిబ్రవరిలో ఆర్డరు వస్తే ఇవ్వడానికి డ్రమ్ములు లేవు. నిష్పత్తి మాత్రం మెరుస్తూ ఉంటుంది.

హోస్ట్: మూడో వాక్యంలో లాభదాయకత బాగుంది అన్నాడు.

సార్: దానికీ దీనికీ నేరుగా సంబంధం లేదు. టర్నోవర్ కొలిచేది సరుకు ఎన్నిసార్లు తిరిగిందని. తిరిగిన ప్రతిసారీ ఎంత మిగిలిందో అందులో ఎక్కడుంది? నష్టానికి అమ్మి గోడౌన్ ఖాళీ చేసినా టర్నోవర్ పెరుగుతుంది. లాభం మాట చెప్పాలంటే స్థూల లాభ నిష్పత్తో, నికర లాభ నిష్పత్తో పక్కన పెట్టి చెప్పాలి. నేను 25 శాతం ఇచ్చాను, దాన్ని వాడుకుని ఉంటే సరిపోయేది.

హోస్ట్: బ్యాంకు అప్పు అవసరం లేదన్నదో?

సార్: అది అసలు ప్రమాదం! జూలై చివర 780 లక్షల సరుకు ఉంది. రైతుకు కాయ డబ్బు, డ్రమ్ములకు డబ్బు, కరెంటు, కూలీలు, అంతా రెండు నెలల్లో బయటికి పోయింది. అమ్మకం మీద డబ్బు ఏడాదంతా చిన్నచిన్నగా వస్తుంది. ఆ మధ్య ఖాళీని ఎవరు భరిస్తారు? 61 రోజుల లెక్క చూసి సరుకుకు 150 లక్షలు సర్దితే చాలు అనుకున్నవాడు, జూలైలో రైతుకు చెక్కు రాయలేడు. సగటు 384 కూడా ఇక్కడ పనికిరాదు. అప్పు పరిమితికి కావాల్సింది శిఖరం, సగటు కాదు. 780లో సొంత డబ్బు ఎంత, రైతులకు ఆపిన బాకీ ఎంత అని తీసేసి మిగతాది అడగాలి.

హోస్ట్: రైతులకు ఆపడం గురించి మాట్లాడితే ఈ ఎపిసోడ్ ఇంకో దారి పడుతుంది సార్.

సార్: పడుతుంది, వద్దులే. మా బామ్మర్దికీ తోట ఉంది.

హోస్ట్: ఇంతకీ ఈ జవాబుకు ఎన్ని మార్కులు వేశారు?

సార్: 10కి 3. రోజులుగా మార్చిన పద్ధతి సరైనదే కాబట్టి దానికి వేశాను. సూత్రం తప్పు, ముగింపు తప్పు. కానీ ఆ తర్వాత ప్రశ్నపత్రం మార్చుకున్నాను నేను. ఇప్పుడు పన్నెండు నెలల స్టాకూ ఇస్తున్నాను. ఏ సగటు వాడతావు, ఎందుకు అని అడుగుతున్నాను. పోయినసారి ఒకమ్మాయి రెండు సగటులూ వేసింది. మే నెల 20 లక్షల పక్కన చిన్నగా బ్రాకెట్లో "కాయ ఇంకా రాలేదు" అని రాసింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అరమార్కు ఎక్కువే వేశాను, కంట్రోలర్ గారికి చెప్పొద్దు.