వంతెన బోర్డు మీది టన్నులు ఎక్కడి నుంచి వచ్చాయి?

(తెరపై: పాత ఉక్కు వంతెన, పక్కన బరువు పరిమితి బోర్డు)

ఈ వంతెన మీదికి 17 టన్నులు దాటిన వాహనం వెళ్లకూడదని బోర్డు చెబుతోంది. ఆ 17 ఎలా వచ్చిందో లోడ్ రేటింగ్ మెమోలో, అంటే వంతెన ఎంత బరువు మోయగలదో లెక్కగట్టిన పత్రంలో ఉంటుంది. అమెరికాలో వాడే పద్ధతిని ఒక ఊహా వంతెన మీద చూద్దాం. అక్కడి టన్ను అంటే 907 కిలోలు.

దూలం కొత్తగా ఉన్నప్పటి బలం 100 పాళ్లు అనుకోండి. దాని కింది అంచును తుప్పు తినేసింది. తుప్పు గోకి, మిగిలిన ఉక్కు మందం కొలిచి లెక్క వేస్తే బలం 85కు దిగింది. ఇందులోంచి ముందుగా వంతెన సొంత బరువు పోవాలి. కాంక్రీటు పలక, దూలాలు కలిసి 20 పాళ్లు. అంచనా తప్పవచ్చు కాబట్టి 1.25తో హెచ్చించి 25 తీసివేస్తారు. పైన తారు 8 పాళ్లే, కానీ దాని గుణకం 1.5, అంటే 12. తారు మీద ఎందుకంత అనుమానం? పలక మందం డ్రాయింగులో ఉంటుంది. తారు మాత్రం రోడ్డు బాగుచేసిన ప్రతిసారీ పొర మీద పొర పడుతుంది.

(తెరపై: 85 − 25 − 12 = 48)

వాహనాలకు మిగిలింది 48. మూడు ఇరుసుల 25 టన్నుల లారీకి, కుదుపులూ భద్రతా గుణకమూ కలిపి, 60 కావాలి. 48ని 60తో భాగిస్తే 0.8. ఒకటికి తగ్గింది కాబట్టి బోర్డు తప్పదు.

25లో 0.8 వంతు 20 కదా, మరి 17 ఏమిటి?

(తెరపై: (25 / 0.7) × (0.8 − 0.3) = 17.86)

పరిమితి తగ్గేకొద్దీ దాన్ని దాటే లారీలు పెరుగుతాయి. పైగా 20 టన్నుల లారీ పొట్టిదైతే బరువంతా ఒకేచోట పడుతుంది. అందుకే సూత్రం కావాలనే కిందికి లాగుతుంది. దశాంశం వదిలేస్తే బోర్డు మీద 17.

ఇప్పుడు తారు పొరను సగమే అనుకున్నారనుకోండి. 12 బదులు 6 తీసివేస్తారు, నిష్పత్తి 0.9 అవుతుంది, బోర్డు మీద 21 పడుతుంది. వంతెన మాత్రం అదే.

(తెరపై: కూలిన వంతెన, మంచు)

పిట్స్‌బర్గ్‌లోని ఫెర్న్ హాలో వంతెన విషయంలో ఇలాంటిదే జరిగింది. 2022 జనవరి 28 ఉదయం సిటీ బస్సుతో సహా అది లోయలోకి కూలింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. దర్యాప్తులో మెమో లెక్కలు తిరగవేశారు. తారు మందం అసలుకన్నా బాగా తక్కువగా తీసుకున్నారు. వంతెనను మోసే ఉక్కు కాళ్లను తుప్పు ఎంత తిన్నదో పూర్తిగా లెక్కలోకి రాలేదు. ఒత్తిడికి ఆ కాళ్లు వంగిపోకుండా ఎంత నిలవగలవన్న అంచనా కూడా ఎక్కువే. బోర్డు మీద 26 టన్నులని ఉంది. సరిగ్గా లెక్కిస్తే ఆ వంతెనను మూసివేయవలసి వచ్చేది.