ఏడున్నర తులాల దగ్గరే తప్పే లెక్క: పొదుపు, బంగారం మీద జకాత్

అస్సలాము అలైకుమ్.

రంజాన్ దగ్గరపడగానే ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "మా దగ్గర ఏడున్నర తులాల బంగారం లేదు కదా, మాకు జకాత్ ఎక్కడిది?" ఈ ఒక్క మాటలో మూడు పొరపాట్లున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతే జకాత్ లెక్క దాదాపుగా తేలిపోతుంది. తెలుగు నేల మీద ఎక్కువమంది హనఫీలు కాబట్టి నేను హనఫీ పద్ధతిలోనే చెబుతాను. తేడా ముఖ్యమైన చోట వేరే మజ్హబ్ మాట కూడా చెబుతాను.

మొదటి పొరపాటు తులంలోనే ఉంది. నిసాబ్ అంటే జకాత్ ఫర్జ్ అయ్యే కనీస హద్దు. బంగారానికి అది 20 మిస్ఖాళ్లు, వెండికి 200 దిర్హమ్‌లు. మన ఉలమాలు దాన్ని ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి అని లెక్కగట్టారు. వాళ్లు లెక్కగట్టింది పాత తులంతో, అంటే 11.664 గ్రాములతో. ఇవాళ చాలా దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు. కాబట్టి ఏడున్నర తులాలంటే 75 గ్రాములు అనుకోవద్దు, 87.48 గ్రాములు. వెండి 612.36 గ్రాములు. తులాలు మరచిపోయి ఈ గ్రాముల అంకెలు రాసిపెట్టుకోండి.

రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. 87.48 గ్రాముల హద్దు ఎవరికి వర్తిస్తుంది? బంగారం తప్ప ఇంకేమీ లేని మనిషికి. వెండి లేదు, బ్యాంకులో డబ్బు లేదు, ఇంట్లో దాచిన నోట్లు లేవు, అమ్మకపు సరుకు లేదు. అలాంటి మనిషి ఈ రోజుల్లో ఎంతమంది దొరుకుతారు? బంగారంతోపాటు అవసరాలకు పోగా మిగిలిన డబ్బు కొంచెమైనా ఉంటే రెండింటి విలువనూ కలపాలి. కలిపిన మొత్తం 612.36 గ్రాముల వెండి ధరకు చేరిందా లేదా అన్నదే అప్పుడు చూడాలి. నిసాబ్ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పాతకాలపు లెక్కలో ఒక గ్రాము బంగారానికి ఏడు గ్రాముల వెండి సరితూగేదని తెలుస్తుంది. ఇప్పుడు వెండి అంతకంటే ఎన్నో రెట్లు చవక. అందుకే వెండి హద్దు చాలా కిందికి దిగింది. రెండు మూడు తులాల బంగారం, బ్యాంకులో కొన్ని వేలు ఉన్నవాళ్లు కూడా ఆ హద్దు దాటేస్తారు, తాము దాటామని తెలియకుండానే.

మూడోది, "మా దగ్గర" అనే మాట. జకాత్ లెక్క ఇంటిది కాదు, మనిషిది. భార్య నగలు భార్యవి. వాటి జకాత్ ఆమె మీద ఫర్జ్, భర్త మీద కాదు. ఆమె ఒప్పుకుంటే భర్త ఆమె తరఫున కట్టవచ్చు. ఆయన కట్టకపోతే బాధ్యత ఆమె మీదే ఉంటుంది. చేతిలో నగదు లేకపోతే ఆ బంగారంలోంచే నలభయ్యో వంతు ఇవ్వవచ్చు. "ఇది పాప పెళ్లికి దాచింది" అని కొందరు లెక్కలోంచి తీసేస్తారు. దాచడం వేరు, ఇచ్చేయడం వేరు. చిన్నపిల్లకు నిజంగానే హిబా చేసేస్తే అది పాప సొత్తు, హనఫీ ఫిఖ్‌లో మైనరు సొమ్ము మీద జకాత్ లేదు. కానీ ఆ తర్వాత తల్లి ఆ గాజులు వేసుకుని పెళ్లిళ్లకు తిరగడానికి లేదు. వేసుకుంటూనే "పాపది" అంటే ఆ మాట నిలవదు.

నగల మీద జకాత్ ఉందా లేదా అన్న చోట మజ్హబ్‌లు వేరవుతాయి. హనఫీల్లో వేసుకునే నగకూ, బీరువాలో ఉన్న బిస్కెట్‌కూ తేడా లేదు, రెండింటి మీదా జకాత్ ఉంది. షాఫయీల్లో స్త్రీ మామూలుగా వేసుకునే నగల మీద లేదు. హైదరాబాద్ బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్ కుటుంబాల వారసులు షాఫయీలు. కాబట్టి ఒకే ఊళ్లో ఇద్దరు అక్కచెల్లెళ్లలాంటి స్నేహితురాళ్లు ఒకే బరువు నగలకు రెండు రకాల జవాబులు చెబితే ఆశ్చర్యపోవద్దు. ఎవరి మజ్హబ్ వాళ్లది. లాభం చూసుకుని ఈ ఒక్క విషయానికి మాత్రమే షాఫయీ అయిపోవడం సరికాదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ధరలు రోజుకో తీరుగా ఉంటాయి. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల పాత బంగారం గ్రాము 10,000 రూపాయలు, వెండి గ్రాము 150 రూపాయలు అనుకుందాం. అప్పుడు వెండి నిసాబ్ 91,854 రూపాయలు అవుతుంది.

ఒక గృహిణి దగ్గర గాజులు, బుట్టలు, నల్లపూసల లచ్ఛా ఉన్నాయి. కాటా మీద మొత్తం 64 గ్రాములు తూగాయి. కానీ అదంతా బంగారం కాదు. లచ్ఛాలో పూసలున్నాయి, బుట్టల్లో రాళ్లున్నాయి, గాజుల లోపల లక్క ఉంది. వీటి మీద జకాత్ లేదు. నగ కొన్నప్పటి బిల్లు ఉంటే అందులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు వేర్వేరుగా రాసి ఉంటాయి. బిల్లు లేకపోతే కంసాలి అంచనా చెబుతాడు. ఈమె నగల్లో అవి 4 గ్రాములు, మిగిలిన బంగారం 60 గ్రాములు. 22 క్యారెట్లలో రాగి కలిసి ఉంటుంది కదా, అదీ తీసేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. బంగారం పాలు ఎక్కువ ఉంటే అంతా బంగారం కిందే లెక్క. 22 క్యారెట్ల ధర వేస్తే చాలు. కొన్నప్పుడు పోసిన మజూరీ, తరుగు లెక్కలోకి రావు. కొన్న ధర కూడా పనికిరాదు. ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో అదే విలువ. దుకాణంలో "పాతబంగారానికి గ్రాము ఎంతిస్తారు" అని అడగండి, చెబుతారు. ఆ లెక్కన 6,00,000.

వెండి పట్టీలు, గిన్నె కలిపి 200 గ్రాములు, 30,000 అనుకుందాం. పాస్‌బుక్‌లో 87,000 ఉంది, అందులో 2,000 బ్యాంకు వేసిన వడ్డీ. వడ్డీ ఆమె సొమ్మే కాదు కాబట్టి దాని మీద నలభయ్యో వంతు లెక్కవేయడం అర్థంలేని పని. ఆ 2,000 మొత్తాన్నీ పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలి. మిగిలింది 85,000. నెలకు 5,000 చొప్పున పన్నెండు నెలలుగా చిట్టీ కడుతోంది, ఇంకా పాడలేదు. కట్టిన 60,000 ఆమెకు రావలసిన డబ్బే, కాబట్టి కలపాలి. చిట్టీ ముందే ఎత్తుకున్నవాళ్ల సంగతి తిరగబడుతుంది. వాళ్లకు మిగిలిన వాయిదాలు అప్పు.

అన్నీ కలిపితే 7,75,000. తమ్ముడి దగ్గర తీసుకున్న చేబదులు 15,000 ఇంకా తీర్చాలి, దాన్ని తీసేయండి. మిగిలింది 7,60,000. నిసాబ్ ఎప్పుడో దాటింది. జకాత్ రెండున్నర శాతం, అంటే నలభయ్యో వంతు, కాబట్టి నలభైతో భాగిస్తే చాలు: 19,000 రూపాయలు. 60 గ్రాములే కదా, ఏడున్నర తులాలు లేవు కదా అనుకున్న ఇంట్లో ఇదీ లెక్క.

అప్పు తీసేసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఇరవై ఏళ్ల ఇంటి లోను మొత్తాన్నీ తీసేస్తే లక్షాధికారి కూడా జకాత్ పుచ్చుకునే పేదవాడిలా కనిపిస్తాడు. ఇప్పటి ఉలమాల్లో చాలామంది ఆ ఏడాది కట్టాల్సిన వాయిదాలనే తీసేయమంటారు. అదే న్యాయంగా తోస్తుంది.

ఇక తేదీ. జకాత్ ఏడాది చాంద్రమాన ఏడాది, 354 రోజులు. నిసాబ్ తొలిసారి చేతికొచ్చిన హిజ్రీ తేదీ ఏదో, ప్రతి ఏడూ అదే తేదీన లెక్క చూసుకోవాలి. ఆ తేదీ గుర్తులేకపోతే బాగా ఆలోచించి ఒకటి ఖాయం చేసుకోవాలి. మధ్యలో డబ్బు తగ్గినా, పూర్తిగా అయిపోకుండా ఉండి, ఏడాది చివర మళ్లీ నిసాబ్ ఉంటే జకాత్ ఉంది. ఒక్కో రూపాయికీ వేరుగా ఏడాది నిండక్కర్లేదు. మూడు రోజుల కింద వచ్చిన జీతంలో ఆ రోజు మిగిలి ఉన్నదీ లెక్కలోకే వస్తుంది. మీ తేదీ షవ్వాల్‌లో ఉంటే రంజాన్‌లో ముందే ఇచ్చేయవచ్చు. రజబ్‌లో ఉంటే రంజాన్ దాకా ఆపవద్దు. ఇంగ్లిష్ క్యాలెండర్ ప్రకారం ఏటా మార్చి 31న కట్టేవాళ్లున్నారు. వాళ్లు ఏడాదికి దాదాపు 11 రోజులు వెనకబడతారు. 33 ఏళ్లలో ఒక ఏడాది జకాత్ మొత్తం ఎగిరిపోతుంది. తప్పనిసరిగా అలాగే కట్టాలంటే శాతాన్ని సుమారు 2.577కు పెంచాలి.

ఎవరికి ఇవ్వాలన్నది ఖురాన్‌లోనే, సూరా తౌబా 60వ ఆయత్‌లో ఉంది. ఎనిమిది వర్గాలు. మన చుట్టూ రోజూ కనిపించేవి మూడు నాలుగు: ఫకీర్, మిస్కీన్, అప్పుల్లో మునిగినవాడు, దారిలో చిక్కుకున్న ప్రయాణికుడు. షాఫయీలు దొరికిన వర్గాలన్నిటికీ పంచాలంటారు. హనఫీల్లో ఒక్కరికే ఇచ్చినా చెల్లుతుంది.

పేద అంటే ఎవరు? కనీస అవసరాలకు పోగా నిసాబ్ విలువ చేసే సొత్తు లేనివాడు. ఉండే ఇల్లు, తిరిగే బండి, కుట్టుమిషన్, ఫ్రిజ్ ఇవన్నీ అవసరాలే. సొంతిల్లున్న వితంతువుకు జకాత్ ఇవ్వకూడదు అనేది వట్టి మాట. అదే మరొకరికి ఊరి బయట ఖాళీ ప్లాటు ఊరికే పడి ఉంది. ఆయన మీద జకాత్ ఫర్జ్ కాకపోవచ్చు, కానీ పుచ్చుకోవడానికి అర్హుడూ కాడు. పేదింటి పిల్ల పెళ్లికి జకాత్ ఇచ్చేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. అప్పటికే ఆ పిల్ల పేరిట రెండు తులాల బంగారం, కొంత నగదు పోగైతే ఆమె నిసాబ్ దాటినట్టే. ఆ తర్వాత ఆమెకిచ్చేది జకాత్ కింద చెల్లదు. అవసరం నిజంగానే ఉంటే వేరే సొమ్ములోంచి ఇవ్వండి.

తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పిల్లలు, మనవలు, భార్యాభర్తలు, వీళ్లకు ఇవ్వకూడదు. సయ్యద్‌లకు ఇవ్వకూడదు. ముస్లిమేతర పొరుగువారికి సదఖా ఇవ్వవచ్చు, జకాత్ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్తలు, మామయ్యలు, కోడలు, అత్తగారు పేదవాళ్లయితే ఇవ్వవచ్చు, ముందు వాళ్లనే చూడాలి. ఇది జకాత్ అని చెప్పనక్కర్లేదు. ఇచ్చేటప్పుడో, డబ్బు విడిగా తీసిపెట్టేటప్పుడో మనసులో నియ్యత్ ఉంటే సరిపోతుంది. ఈదీ అని చేతిలో పెట్టినా చెల్లుతుంది.

తమ్లీక్ అన్నది మరువకూడదు, అంటే పుచ్చుకున్నవాడిని ఆ సొమ్ముకు యజమానిని చేయడం. మసీదు స్లాబుకు, బోరుబావికి, ఇమామ్ జీతానికి, కఫన్‌కు జకాత్ చెల్లదు, ఎందుకంటే అక్కడ పుచ్చుకున్న పేద యజమాని అంటూ లేడు. పనిమనిషికి జీతంలో భాగంగా ఇచ్చేదీ చెల్లదు. అది ఆమె కష్టార్జితం. జీతం జీతంగా ఇచ్చి, ఆమె అర్హురాలైతే, పైన ఇవ్వండి. ఇంకొకటి తరచూ జరుగుతుంది. "నువ్వు నాకు పదివేలు బాకీ, జకాత్ కింద మాఫ్ చేశాను" అంటారు. చెల్లదు. అతడు పేదవాడైతే పదివేలు అతడి చేతికివ్వండి, అతడు యజమాని అయ్యాక మీ బాకీ అడిగి తీసుకోండి. దారి చుట్టు తిరిగినట్టే ఉంటుంది, కానీ రెండింటికీ మధ్య ఆ సొమ్ము ఒక్క క్షణమైనా అతడిదవుతుంది.

విచారించి, పేదవాడే అని నమ్మి ఇచ్చాక అతడు ఉన్నవాడని తేలితే జకాత్ చెల్లినట్టే, మళ్లీ ఇవ్వక్కర్లేదు. అనుమానం ఉండీ ఆరా తీయకుండా ఇచ్చి, తర్వాత ఉన్నవాడని బయటపడితే మాత్రం ఆ మొత్తం మళ్లీ ఇవ్వాలి.