11 ఏళ్లా, 12 ఏళ్లా? మిల్లు మానేస్తే గ్రాట్యుటీ ఎంత రావాలి, లెక్క చేసి చూద్దాం

నమస్తే. ఇవాళ గ్రాట్యుటీ లెక్క ఒక్కటే చూద్దాం. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. ఎక్సెల్ తర్వాత తెరుద్దాం, ముందు చేత్తో చేస్తేనే సంగతి తలకెక్కుతుంది.

లెక్క కోసం మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ ఆపరేటర్ ఒకాయన ఉన్నాడనుకుందాం. 2014 ఆగస్టు 3న చేరాడు. 2026 ఫిబ్రవరి 28 ఆయన చివరి పనిరోజు. నెలకు మొత్తం జీతం 24,000. ఆయన పే స్లిప్ స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి. బేసిక్ 13,000, డీఏ 2,600, హెచ్ఆర్ఏ 5,200, కన్వేయెన్స్ 1,600, ఇతర అలవెన్సు 1,600.

గ్రాట్యుటీకి వీటిలో పనికొచ్చేవి పైరెండే, బేసిక్, డీఏ. రెండూ కలిపితే 15,600. చాలా ప్రైవేటు కంపెనీల్లో డీఏ అనే గడే ఉండదు, అక్కడ బేసిక్ ఒక్కటే. హెచ్ఆర్ఏ, ఓవర్‌టైమ్, బోనస్ ఇందులోకి రావు.

ఇప్పుడు ఈ 15,600ని 26తో భాగించండి, 600 వస్తుంది. అంటే ఒక రోజు జీతం. ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం ఇవ్వాలి కాబట్టి దాన్ని 15తో గుణిస్తే 9,000. సర్వీసులో ఒక్కో ఏడాదికి ఆయనకు వచ్చేది ఈ 9,000.

నెలకు 30 రోజులు కదా, 26 ఏమిటని మిల్లులో లెక్కలు రాసే గుమాస్తా అడుగుతాడు. ఆదివారాలు తీసేస్తే నెలలో పనిదినాలు 26. దిగ్విజయ్ ఊలెన్ మిల్స్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు 26తో భాగించడమే సరైనదని చెప్పింది, తర్వాత చట్టంలోనే ఆ మాట రాశారు. అయినా 'పదిహేను రోజులంటే సగం నెల జీతమే కదా' అని 7,800 లెక్కగట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పన్నెండేళ్లకు అక్కడే 14,400 పోతుంది.

ఇక సర్వీసు ఎన్నేళ్లు? 2014 ఆగస్టు 3 నుంచి 2025 ఆగస్టు 2 దాకా పదకొండేళ్లు నిండాయి. అక్కణ్నుంచి ఫిబ్రవరి 28 దాకా ఆరు నెలల ఇరవై ఆరు రోజులు. ఆరు నెలలు దాటితే ఆ ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. కాబట్టి పన్నెండేళ్లు. 9,000 ఇంటూ 12, లక్షా ఎనిమిది వేలు.

దాటాలి అన్నాను, గమనించారా? సరిగ్గా ఆరు నెలలైతే లెక్కలోకి రాదు. ఈయనే ఫిబ్రవరి 2న మానేసి ఉంటే పదకొండేళ్లే, 99,000. ఫిబ్రవరి 3న కూడా డ్యూటీ చేసి ఉంటే 1,08,000. ఒక్క రోజుకు తొమ్మిది వేల తేడా. రాజీనామా కాగితంలో చివరి తేదీ రాసే ముందు క్యాలెండర్ చూసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఇంకో సంగతి, ఈ రౌండింగ్ అర్హత కోసం కాదు. నాలుగేళ్ల ఏడు నెలలు చేసినవాళ్లు దాన్ని ఐదేళ్లు అనుకుంటే కుదరదు. ముందు ఐదేళ్ల సర్వీసు ఉండాలి, రౌండింగ్ ఆ తర్వాతి మాట. మరణం, అంగవైకల్యం వల్ల ఉద్యోగం ఆగిపోతే మాత్రం ఐదేళ్ల నిబంధన లేదు.

సరే, ఎక్సెల్ తెరుద్దాం. B1లో చేరిన తేదీ, B2లో చివరి పనిరోజు, B3లో 15600 వేయండి. తేదీని 03-08-2014 అని కొట్టకండి, కొన్ని కంప్యూటర్లు దాన్ని మార్చి 8 అనుకుంటాయి. 3-Aug-2014 అని కొట్టండి. తర్వాత B4, B5, B6 గళ్లలో వరుసగా ఈ మూడూ వేయండి.

```
=DATEDIF(B1,B2+1,"Y")
=B4+(B2+1>EDATE(B1,12*B4+6))
=MIN(ROUND(B3*15/26*B5,0),2000000)
```

మొదటిది నిండిన ఏళ్లు, మనకు 11 చూపిస్తోంది. రెండోది ఆరు నెలలు దాటాయో లేదో చూసి ఒకటి కలుపుతుంది, 12. చివరి దాంట్లో 108000 వచ్చింది. ఆ ఇరవై లక్షలు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి, మన మిల్లు జీతాలకు అంత దూరం పోదు. B2లో తేదీని 2-Feb-2026 చేసి చూడండి, 99000కి పడిపోతుంది.

చేత్తో చేసినా, ఎక్సెల్‌లో చేసినా అసలు తంటా B3 గడితోనే. చివరి జీతం అంటే చివరి నెల చేతికొచ్చిన పైసలు కాదు, అప్పటి జీతం రేటు. ఈయన ఫిబ్రవరిలో జ్వరమొచ్చి పది రోజులు పనికి పోలేదు, జీతం కోసి ఇచ్చారనుకోండి. అయినా గ్రాట్యుటీకి 15,600నే పట్టాలి. కోసిన స్లిప్ ముందర పెట్టి లెక్క చేస్తే ఒప్పుకోకండి, జనవరి స్లిప్ చూపించండి.

స్లిప్పులే ఇవ్వని మిల్లులూ ఉంటాయి. అప్పుడు పీఎఫ్ పాస్‌బుక్ పనికొస్తుంది, కానీ జాగ్రత్త. చాలా చోట్ల పీఎఫ్‌ను 15,000 దగ్గరే ఆపి కడతారు. ఈయన పాస్‌బుక్‌లో 15,000 కనపడొచ్చు. దాంతో లెక్క చేస్తే 1,03,846 వస్తుంది, నాలుగు వేలకు పైగా తక్కువ. అందుకే పాస్‌బుక్‌తో పాటు అపాయింట్‌మెంట్ లెటరో, ఇంక్రిమెంట్ కాగితమో కూడా వెతకండి.

మరి బేసిక్ కావాలనే తక్కువ పెట్టినవాళ్ల సంగతి? 24,000లో బేసిక్ 8,000, మిగతా 16,000 అలవెన్సులు అనుకుందాం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటకూడదు, దాటిన ముక్క జీతంలోనే కలుస్తుంది. సగం 12,000, దాటింది 4,000. కాబట్టి లెక్క 8,000 మీద కాదు, 12,000 మీద. ఏడాదికి 4,615 బదులు 6,923. మన ఆపరేటర్‌కు బేసిక్, డీఏ కలిసి సగం కంటే ఎక్కువే ఉన్నాయి కాబట్టి ఆయన లెక్క మారలేదు. ఆ తేదీకి ముందే మానేసినవాళ్లకు మాత్రం 1972 నాటి పాత చట్టమే.

రైస్ మిల్లులంటున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. వడ్ల సీజన్‌లో మాత్రమే పని ఉండే సంస్థలో, ఏడాది పొడుగునా కాక సీజన్‌లోనే పనిచేసేవాళ్లకు పదిహేను రోజులు కాదు, సీజన్‌కు ఏడు రోజుల లెక్క. బాయిలర్ ఆపరేటర్ ఏడాదంతా హాజరు పట్టీలో ఉన్నాడు కాబట్టి ఆయన్ను ఈ ఏడు రోజుల్లోకి నెట్టడానికి వీల్లేదు. హాజరు ఫోటోలు ఫోన్‌లో ఉంటే తీసేయకండి.

పది మందీ అంతకు మించీ పనిచేసిన చోట ఈ చట్టం వర్తిస్తుంది. తర్వాత మనుషులు తగ్గినా సేటు తప్పించుకోలేడు. మానేసిన ముప్పై రోజుల్లోపు పైసలు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి. అర్జీ రెండు కాపీలు రాయండి. చేరిన తేదీ, చివరి తేదీ, 15,600, పన్నెండేళ్లు, 1,08,000, ఈ ఐదూ అందులో ఉండాలి. ఒక కాపీ మీద తేదీ వేసి సంతకం తీసుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 'అన్ని బాకీలు ముట్టినవి' అన్న కాగితం మీద సంతకం అడిగితే గ్రాట్యుటీ అంకె విడిగా రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టి, అర్జీ కాపీ, స్లిప్పులు పట్టుకుని నల్లగొండలో లేబర్ ఆఫీసుకు పొండి.