కొండనాలుక వాచిందంటే మందుల డబ్బా తెరవండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం మొదలుపెడితే టీ చల్లారిపోతుంది, మన్నించండి. కార్యదర్శిగారు నన్ను వినికిడి మిషన్ల గురించి చెప్పమన్నారు. అది వచ్చే నెల చెప్పుకుందాం. ఇవాళ కొండనాలుక సంగతి మాట్లాడతాను. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఇంతమంది ఒక్కచోట నాకు మళ్లీ దొరకరు.

మన ఊళ్లలో గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటే ‘కొండనాలుక దిగింది’ అంటారు. వేలికి ఉప్పూ మిరియాలపొడీ అద్ది పైకి నొక్కుతారు. నడినెత్తిన జుట్టు పట్టి లాగేవాళ్లూ ఉన్నారు. అయ్యా, అది జారేది కాదు, వాచేది. వాచినదాన్ని నొక్కితే ఇంకా వాస్తుంది. పైగా పుట్టుకతోనే కొండనాలుక పొడుగ్గా ఉండేవాళ్లున్నారు, అది జబ్బే కాదు.

వాపుకి మామూలు కారణాలు పెద్ద భయపడేవి కావు. రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెట్టడం, బాగా వాంతులవడం, పుల్లటి త్రేన్పులు, ఆపరేషన్‌లో గొంతులో గొట్టం వేయడం... ఇలాంటివాటికి ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది. జ్వరంతో ఎర్రగా వాచి, మింగితే నొప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్. దానికి డాక్టరు చూసి మందు రాస్తారు. నేను చెప్పదలచుకున్నది మూడో రకం. జ్వరం ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు. అద్దంలో చూసుకుంటే కొండనాలుక పాలిపోయి, వలిచిన ద్రాక్షపండులా నీటితో నిగనిగలాడుతూ నాలుక మీద వాలి ఉంటుంది.

ఒకాయన, అరవై దాటినవారు, సరిగ్గా ఇలాగే తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచారు. మూడేళ్లుగా రామిప్రిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. దగ్గర్లోని క్లినిక్‌లో ఎలర్జీ ఇంజెక్షనూ స్టెరాయిడూ ఇచ్చారు. రెండో రోజుకి తగ్గింది. పేరు ఇంజెక్షన్‌కి వచ్చింది. నిజానికి ఆ వాపు ఏ మందూ లేకున్నా ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే దిగుతుంది. ‘నిన్న రాత్రి ఏం తిన్నారు?’ అని అడిగారు గానీ ‘ఏ మాత్రలు వేసుకుంటున్నారు?’ అని ఎవరూ అడగలేదు. నా కోపమంతా అక్కడే. మందుల షాపువాళ్లు పాత చీటీ చూసి అదే మాత్ర ఇస్తూ పోయారు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఆయన నాలుక వాచి నోట్లో పట్టలేదు. కొండనాలుకకు మందు వేశారు, ఉన్న నాలుక మీదికి వచ్చింది! ఐసీయూలో గొట్టం వేసి కాపాడారు. అప్పుడు గానీ ఆ మాత్ర ఆగలేదు.

ఎందుకిలా అవుతుందంటే, ఈ మాత్ర బీపీని తగ్గించడంతో పాటు మన ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం విరిగిపోకుండా అడ్డుకుంటుంది. అది పేరుకుంటే సన్నటి రక్తనాళాల్లోంచి నీరు ఊరి పెదవులు, నాలుక, కొండనాలుక వాస్తాయి. ఇది ఎలర్జీ కాదు కాబట్టి ఎలర్జీ మందులు దీనికి పెద్దగా పనిచేయవు. వెయ్యిమందిలో ఏ కొద్దిమందికో వస్తుంది, కానీ మాత్ర మొదలుపెట్టిన వారంలోనైనా రావచ్చు, ఏళ్ల తర్వాతైనా రావచ్చు. ‘ఇన్నేళ్లుగా పడింది కదండీ’ అనే మాట ఇక్కడ చెల్లదు. మానేశాక కూడా కొన్ని వారాలపాటు మళ్లీ కనిపించవచ్చు.

అలాగని ఇవాళ ఇంటికెళ్లి ఎవరూ మాత్రలు మానేయకండి! వాపు వచ్చినవాళ్లు మాత్రం తర్వాతి మోతాదు వేసుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీకి వేరే జాతి మాత్రలున్నాయి, మార్చి రాస్తారు.

ఇక 108కి ఎప్పుడు ఫోన్ చేయాలి? ఊపిరి అందకపోయినా, పీల్చినప్పుడు గుర్రుమన్నా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, గొంతు మారి ముద్దగా మాట వస్తున్నా, నాలుక కూడా వాస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. రోగిని పడుకోబెట్టకండి, కూర్చోనివ్వండి. తిన్న వెంటనే, లేదా తేనెటీగ కుట్టాక, ఒంటిమీద దద్దుర్లతో వాస్తే అది అసలైన ఎలర్జీ. అక్కడ తొడకి వేసే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది. కొండనాలుక ఒక పక్కకి ఒరిగి నోరు తెరుచుకోకపోతే రెండో పక్క టాన్సిల్ వెనక చీము పట్టి ఉండొచ్చు, అదీ ఆగేది కాదు. మనవలకి జ్వరమొచ్చి, చొంగ కారుస్తూ ముందుకి వంగి కూర్చుంటే మాత్రం చెంచాతో నాలుక నొక్కి చూడకండి. ఆ నొక్కుడుకే ఊపిరి ఆగిపోవచ్చు.

వెనక వరసలో మాస్టారూ, మీ జేబులో మాత్రల స్ట్రిప్పు కనిపిస్తోంది, ఓసారి తీయండి. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేయండి. అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ‘ప్రిల్’తో ముగిసిందా? రామిప్రిల్, ఎనాలప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, అన్నీ ఆ ఇంటివే. అలా ఉన్నవాళ్లూ, ఎప్పుడైనా కారణం తెలియకుండా పెదవి గానీ గొంతు గానీ వాచినవాళ్లూ టీ తాగాక స్ట్రిప్పుతో సహా నా దగ్గరికి రండి.