సొరంగం టైము

శ్రోతలకు నమస్కారం. నలుగురు స్నేహితులు ఒకే ఒక్క మాటకు పగలబడి నవ్వుతుంటే, పక్కనున్న మనిషికి ఆ నవ్వు దేనికో అంతుపట్టకపోవడం మనం చూస్తూనే ఉంటాం. అటువంటి మాట ఎలా పుడుతుందో, ఎప్పుడు కొత్తవారికి అడ్డుగోడ అవుతుందో విశాఖపట్నంలోని మా మిత్రుల మధ్య జరిగిన ఒక సంగతి ఆధారంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మేము ఆరుగురం కిరండోల్ రైలులో అరకు వెళ్లాం. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఒకదాని వెంట ఒకటిగా వచ్చే సొరంగాలను చూడటానికే చాలామంది ఆ రైలు ఎక్కుతారు. మావాడొకడు మాత్రం కొత్తవలస రాకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయి, అరకు స్టేషనులో కళ్లు నులుముకుంటూ లేచి, "సొరంగాలు ఇంకా మొదలవలేదేంట్రా?" అని అడిగాడు. మొదట్లో ఈ కథను మొత్తంగా చెప్పుకుని నవ్వేవాళ్లం. కొన్నాళ్లకు ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆ తరువాత ఎవరు పరధ్యానంగా ఉన్నా "సొరంగమైపోయాడు" అంటే సరిపోయేది.

మాట ఇలా కురచబడటం మా ఒక్కరి అనుభవమే కాదు. 1986లో హెర్బర్ట్ క్లార్క్, డియానా విల్క్స్-గిబ్స్ అనే పరిశోధకులు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, పేరులేని 12 వింత ఆకారాలను ఒకరు వర్ణిస్తుంటే మరొకరు ఆ వరుసలో పేర్చేలా ఆరుసార్లు చేయించారు. మొదటిసారి ఒక్కో ఆకారానికి సుదీర్ఘమైన వర్ణన అవసరమైంది. చివరికి వచ్చేసరికి కొద్ది మాటలే చాలాయి. ఆ కొద్ది మాటలలో అంతకుముందు జరిగిన సంభాషణ అంతా ఇమిడి ఉంటుంది కాబట్టి, అది పంచుకున్న ఇద్దరికీ అవి ఎంత స్పష్టమో బయటివారికి అంత అయోమయం.

అయితే జరిగిన ప్రతి సంఘటనా ఇలా నిలిచిపోదు. పిల్లల బేస్‌బాల్ జట్లను దగ్గరనుంచి గమనించిన సామాజికశాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్, ఒక మాట బృందంలో నిలవాలంటే అది వారికి ఏదో ఒక విధంగా పనికిరావాలనీ, వారిలో ఉన్న పెద్దరికాలకూ చనువులకూ సరిపడాలనీ 1979లో రాశారు. మా మాట నిలవడానికి మొదటి కారణం నిద్రపోయినవాడే అందరికంటే ఎక్కువగా నవ్వడం. అతను నొచ్చుకుని ఉంటే ఆ రోజే అది ఆగిపోయేది. రెండో కారణం దానికి ఒక పని దొరకడం. అతను ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడు కనుక అతనికి అరగంట ముందు సమయం చెప్పేవాళ్లం. దానికి "సొరంగం టైము" అని పేరు పెట్టాం.

నిజానికి చిక్కు అక్కడే మొదలైంది. కడపనుంచి బదిలీపై వచ్చిన ఒకాయన మాతో కలిశారు. ఒక డిసెంబరు ఆదివారం కైలాసగిరి మెట్లెక్కాలనుకుని, "సొరంగం టైము ఐదున్నర" అని అందరికీ ఫోనులో పంపాం. మేము ఆరింటికి వెళ్లేసరికి ఆయన చీకట్లో, చలిలో, అరగంటనుంచి ఒంటరిగా నిలబడి ఉన్నారు. నవ్వుకోవడానికి పుట్టిన మాటను సమాచారం చెప్పడానికి వాడినప్పుడు, అది తెలియనివాడు నవ్వును మాత్రమే కాదు, తనకు అవసరమైన విషయాన్నీ కోల్పోతాడు.

ఆ రోజు ఆయనకు అరకు కథ మొత్తం చెప్పాం. ఇక అంతా సరిపోయిందనుకున్నాం, కానీ సరిపోలేదు. ఆ తరువాత కూడా ఆయన మొదట మా ముఖాలు చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవారు. ఒకసారి ఆయనే చొరవ చేసి నిద్రపోయిన మావాడిని "ఏం, మళ్లీ సొరంగమా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. మేము ఒకరినొకరం "ఒరేయ్" అనుకుంటూ ఆయనను మాత్రం "గారూ" అని పిలిచేవాళ్లం. ఆ మాట అర్థం ఆయనకు తెలిసింది గాని, అనే చనువు మేము ఇవ్వలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

1989లో మైఖేల్ షోబర్, క్లార్క్ చేసిన మరో ప్రయోగంలో, సంభాషణను మొదటినుంచీ పూర్తిగా విన్నవారు కూడా అందులో పాల్గొన్నవారంత సరిగా ఆకారాలను గుర్తించలేకపోయారు. పాల్గొన్నవాడు మధ్యలో ఆపి, అడిగి, తనకు అర్థమయ్యేదాకా మాటను సరిచేయించుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. మేము ఎంత వివరంగా చెప్పినా ఆయన ఆ రైలు కథకు శ్రోతగానే మిగలడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

కొన్ని నెలలకు భీమిలిలో వాన పట్టుకుంటే ఒక టీ బడ్డీ కిందకు పరుగెత్తాం. ఆయనే వెళ్లి టీలు చెప్పారు. గ్లాసులు ఆరే వచ్చాయి. మమ్మల్ని లెక్కపెట్టి తనను మరిచిపోయారు. నిద్రపోయిన మావాడు తన గ్లాసులో సగం వేరే గ్లాసులో పోసి ఆయన చేతిలో పెట్టాడు. ఇప్పుడు మాలో ఎవరైనా తమ సంగతి తాము మరిచిపోతే "ఆరు టీలు" అంటాం. ఆ కథ మేము చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి, "సగం కాదురా, పావే పోశాడు" అని సరిచేస్తూ ఉంటారు.